ఇంటర్నేషనల్ ఫండ్ కొనేముందు కరెన్సీ ఎక్కడ తగుల్తుందో, ట్యాక్స్ ఎక్కడ కట్ అవుతుందో చూసుకోండి

ప్రశ్న: నా డబ్బంతా మా దేశం ఈక్విటీ ఫండ్స్‌లోనే ఉంది. డైవర్సిఫికేషన్ కోసం ఒక ఇంటర్నేషనల్ ఫండ్ కూడా పెట్టుకోమంటున్నారు. రిటైర్మెంట్‌కి ఇంకా 18 ఏళ్ళుంది. డాలర్ పడితే నష్టమేనా? హెడ్జ్ చేసింది తీసుకోవాలా? ట్యాక్స్ రెండు చోట్లా కట్టాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

జవాబు:

పెట్టుకోండి అండి, 18 ఏళ్ళు టైమ్ ఉంది కాబట్టి నా సమాధానం అదే. కాకపోతే ఏ ఫండ్ అన్నదానికంటే ఆ ఫండ్ ఏ దేశంలో రిజిస్టర్ అయింది, లోపల ఏ కరెన్సీ ఆస్తులున్నాయి, చివర్లో ఆ డబ్బు మీరు ఏ కరెన్సీలో ఖర్చుపెడతారు, ఈ మూడూ ముందు తేల్చుకోవాలి. చాలామంది పోయినేడు రిటర్న్ చూసి కొనేసి, ఇవన్నీ అమ్మేటప్పుడు కనుక్కుంటారు, అప్పటికి చేసేదేం ఉండదు.

ముందు అసలు ఎందుకు పెట్టాలో చెప్తా, ఎందుకంటే ఇక్కడే తప్పు అంచనాలు ఎక్కువ. ప్రపంచ మార్కెట్లు పడినప్పుడు ఇంటర్నేషనల్ ఫండ్ పడకుండా నిలబడుతుందని అనుకోకండి. పెద్ద సంక్షోభం వచ్చిన నెలల్లో దాదాపు అన్నీ కలిసే పడతాయి. ఈ డైవర్సిఫికేషన్ పనిచేసేది నెలల్లో కాదు, పది పదిహేనేళ్ళ లెక్కలో. జపాన్ నిక్కీ ఇండెక్స్ 1989 డిసెంబర్ చివర్లో 38,915 దగ్గర ముగిసింది, ఆ లెవెల్ మళ్ళీ దాటింది 2024 ఫిబ్రవరిలో. డివిడెండ్లు కలిపితే కాస్త ముందే కోలుకున్నట్టు లెక్క వస్తుంది కానీ, అప్పట్లో యాభై ఏళ్ళ వయసులో మొత్తం సొంత దేశం మార్కెట్లోనే పెట్టుకున్న మనిషి రిటైర్మెంట్ ఏమైపోయిందో ఆలోచించండి. జపాన్ అప్పుడేమీ బలహీనమైన దేశం కాదు, ప్రపంచంలో రెండో పెద్ద ఆర్థిక వ్యవస్థ. అమెరికాకి కూడా ఇది జరిగింది, 2000 మొదట్నుంచి 2009 చివరిదాకా పదేళ్ళలో ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లు కలుపుకున్నా నష్టంలోనే ఉంది, అదే పదేళ్ళలో ఎమర్జింగ్ మార్కెట్లు రెట్టింపు పైనే అయ్యాయి. అంటే ఏ దేశం ఏ పదేళ్ళు నిద్రపోతుందో ముందే తెలీదు కాబట్టి, మీ జీతం, మీ ఇల్లు, మీ పెన్షన్ అన్నీ ఎలాగూ ఒకే దేశం మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి, పొదుపులో కొంత బయట పెడుతున్నారు, అంతే.

ఇప్పుడు కరెన్సీ. "డాలర్ పడితే నష్టమేనా" అంటే, అవును, ఆ ఏడాది రిటర్న్ ఆ మేరకి తగ్గుతుంది. కానీ అదే ఫండ్ ఇద్దరు మనుషులకి ఎంత వేరుగా పనిచేస్తుందో 2008 చూస్తే బాగా అర్థమవుతుంది. ఆ ఏడాది ఎస్ అండ్ పీ 500 డివిడెండ్లతో కలిపి 37% పడింది. బ్రిటన్‌లో కూర్చుని హెడ్జ్ లేకుండా, అంటే కరెన్సీ మార్పు తగలకుండా ముందే రేటు కుదుర్చుకోకుండా, ఆ ఇండెక్స్ ఫండ్ పట్టుకున్న మనిషిని తీసుకోండి. ఏడాది మొదట్లో పౌండ్‌కి దాదాపు 1.98 డాలర్లు, చివర్లో 1.46. అంటే పౌండ్ లెక్కలో డాలర్ 36% దాకా పెరిగింది. 100 పౌండ్లు 63 అవ్వాల్సింది, డాలర్ పెరిగినందువల్ల 63 ఇంటూ 1.36, దాదాపు 86 అయింది. 37% నష్టం అతనికి 14% దగ్గర ఆగింది. అదే ఫండ్ టోక్యోలో పట్టుకున్న మనిషికి డాలర్ 112 యెన్ల దగ్గర్నుంచి 91కి పడిపోయింది, అంటే 19% తక్కువ. అతని 100 యెన్లు 63 ఇంటూ 0.81, దాదాపు 51 అయ్యాయి. ఒకే ఫండ్, ఒకే ఏడాది, ఒకరికి 14% పోయింది, ఇంకొకరికి సగం పోయింది.

ఎందుకలా అంటే, ప్రపంచమంతా భయపడినప్పుడు డబ్బు కొన్ని కరెన్సీల్లోకి పరిగెడుతుంది, అప్పట్లో డాలర్, యెన్, స్విస్ ఫ్రాంక్ అలాంటివి. మీ సొంత కరెన్సీ భయం టైమ్‌లో డాలర్ ముందు బలహీనపడే రకం అయితే (ఎక్కువ దేశాల కరెన్సీలు ఇదే రకం) హెడ్జ్ లేని డాలర్ ఆస్తులు మీకు గొడుగు లాంటివి, సరిగ్గా మీ దేశం మార్కెట్ పడే టైమ్‌కే ఇవి కరెన్సీ వల్ల కాస్త లేస్తాయి. మీ కరెన్సీయే భయంలో బలపడే రకమైతే కరెన్సీ మిమ్మల్ని ఇంకొక దెబ్బ కొడుతుంది. ఇది శాశ్వతం అని కూడా పట్టుకోకండి, 2022లో ఎస్ అండ్ పీ 18% పడినప్పుడు యెన్ బలపడలేదు, బాగా బలహీనపడింది, ఆ ఏడాది జపాన్ మనిషికి కరెన్సీయే కాపాడింది. మీరు చేయాల్సింది, మీ దేశం మార్కెట్ బాగా పడిన గత రెండు మూడు సందర్భాలు తీసి, ఆ నెలల్లో డాలర్ రేటు ఎటు కదిలిందో చూడటం. అరగంట పని. ఎవరి అభిప్రాయం కంటే అదే మీకు బాగా చెప్తుంది. మీది డాలర్‌కి కట్టేసిన కరెన్సీ అయితే, ఉదాహరణకి గల్ఫ్‌లో చాలా దేశాలవి అలాంటివే, డాలర్ ఫండ్‌లో మీకు ఇప్పటికి కరెన్సీ ఊగిసలాట ఉండదు, కానీ రిటైరయ్యాక వేరే దేశంలో బతకబోతుంటే లెక్క ఆ దేశం కరెన్సీతో వేసుకోవాలి.

ఇక్కడ ఒక గందరగోళం దాదాపు ప్రతి కొత్త ఇన్వెస్టర్‌లోనూ చూస్తాను. ఫండ్ ధర ఏ కరెన్సీలో కనపడుతుందో ఆ కరెన్సీ రిస్కే ఉంటుందనుకుంటారు. కాదు. ఫండ్ లోపల జపాన్ కంపెనీలుంటే, ఫండ్ ధర డాలర్లలో చూపించినా యూరోల్లో చూపించినా మీ రిస్క్ యెన్‌తోనే. డాలర్, మీ కరెన్సీ కదలకుండా యెన్ ఒక్కటే 10% పడితే, డాలర్లలో రాసిన ఆ ఫండ్ ధర కూడా 10% పడుతుంది. సొంత కరెన్సీలో అమ్మే ఫండ్ కాబట్టి కరెన్సీ రిస్క్ లేదు అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఫ్యాక్ట్‌షీట్‌లో దేశాలవారీగా ఎంత శాతం ఉందో ఆ పట్టిక చూడండి, మీ కరెన్సీ ఎక్స్‌పోజర్ అదే. అందులోనే ఇంకొకటి గమనిస్తారు, ప్రపంచ ఇండెక్స్ ఫండ్ అని పేరున్నదాంట్లో కూడా అరవై శాతం పైన అమెరికా ఉంటుంది, కాబట్టి దాని పక్కన ఇంకో అమెరికా ఫండ్ కొంటే డైవర్సిఫికేషన్ పెరగదు, తగ్గుతుంది.

హెడ్జ్ సంగతి. హెడ్జ్ చేసిన ఫండ్ ఏం చేస్తుందంటే, తన డాలర్ ఆస్తులకి సరిపడా డాలర్లని ఒక నెల తర్వాత ఇస్తానని ఇవాళే రేటు కుదుర్చుకుని అమ్ముతుంది, నెలయ్యాక మళ్ళీ కొత్తగా కుదుర్చుకుంటుంది. ఆ కుదుర్చుకునే రేటులో రెండు దేశాల వడ్డీ తేడా ఉంటుంది. మీ దేశంలో వడ్డీ 7%, డాలర్ వడ్డీ 4% అనుకోండి, అప్పుడు హెడ్జ్ వల్ల మీకు ఏడాదికి దాదాపు 3% వస్తుంది, పోదు. విని చాలామంది ఆశ్చర్యపోతారు, హెడ్జ్ అంటే ఎప్పుడూ ఖర్చే అనుకుంటారు. కానీ ఆ 3% ఉచితం కాదు, డాలర్ మీ కరెన్సీ మీద పెరిగితే వచ్చే లాభం వదులుకున్నందుకు వచ్చింది అది. తిరగేస్తే, తక్కువ వడ్డీ ఉన్న దేశం వాడికి హెడ్జ్ నిజంగానే ఖర్చు. 2023లో అమెరికా వడ్డీ 5% పైన, జపాన్‌ది సున్నా దగ్గర ఉంటే, యెన్‌లోకి హెడ్జ్ చేసుకున్నవాళ్ళకి ఏడాదికి 5% పైనే కరిగిపోయింది, ఈక్విటీ మీద వచ్చే లాభంలో అది చాలా పెద్ద ముక్క.

నా అభిప్రాయం అడిగితే, పదేళ్ళకి మించి పెట్టే ఈక్విటీకి హెడ్జ్ వద్దు. ఈక్విటీయే ఏడాదికి ఇరవై ముప్పై శాతం ఊగుతుంటే దాని మీద కరెన్సీ ఊగడం పెద్ద తేడా తేదు, పైగా ఎక్కువ దేశాల వాళ్ళకి అది కష్టకాలంలో సాయం చేస్తుంది. పెద్ద కంపెనీలు కూడా చాలా దేశాల్లో సంపాదిస్తాయి కాబట్టి కరెన్సీ పడినప్పుడు వాటి ఎగుమతి లాభాలు కొంత పెరిగి కొంత సర్దుకుంటుంది. బాండ్ల కథ వేరే, నాలుగైదు శాతం వచ్చే విదేశీ బాండ్ ఫండ్‌ని హెడ్జ్ లేకుండా పట్టుకుంటే అది బాండ్ పెట్టుబడి కాదు, కరెన్సీ మీద పందెం. అక్కడ మాత్రం హెడ్జ్ కావాలి. ఇంకా మూడు నాలుగేళ్ళలో సొంత దేశంలోనే ఖర్చుపెట్టే డబ్బయితే హెడ్జ్ గురించి ఆలోచించడం కాదు, అసలు విదేశీ ఫండ్‌లో పెట్టకండి.

ఇక ట్యాక్స్. రెండు చోట్ల కాదు, మూడు చోట్ల కట్ అవ్వొచ్చు, మూడిటినీ విడివిడిగా చూడాలి. మొదటిది కంపెనీ దేశం. అమెరికా కంపెనీ విదేశీయులకి డివిడెండ్ ఇస్తే మామూలుగా 30% అక్కడే కోసేస్తారు, రెండు దేశాల మధ్య పన్ను ఒప్పందం ఉంటే తగ్గుతుంది. రెండోది ఫండ్ రిజిస్టర్ అయిన దేశం, మూడోది మీరుండే దేశం. ఐర్లండ్‌లో రిజిస్టర్ అయిన ఇండెక్స్ ఫండ్స్ ఎక్కువ ఎందుకు కనపడతాయంటే, ఆ దేశానికి అమెరికాతో ఉన్న ఒప్పందం వల్ల ఆ ఫండ్స్‌కి డివిడెండ్ మీద 15% మాత్రమే కోత పడుతుంది, బయటి దేశాల వాళ్ళకి ఐర్లండ్ పైన ఇంకేం కోయదు. ఏ ఒప్పందమూ లేని చోట పెట్టిన ఫండ్ అయితే పూర్తి 30%. ఏడాదికి డివిడెండ్ 1.5% అనుకుంటే, ఐర్లండ్ ఫండ్‌లో 0.225% పోతుంది, రెండోదాంట్లో 0.45%. తేడా చిన్నగా కనపడుతుంది, మీ 18 ఏళ్ళకి లెక్కేస్తే చివరి మొత్తంలో దాదాపు 4% తేడా. ఫండ్ చార్జీల మీద 0.1% కోసం గంటలు గంటలు వెతికేవాళ్ళు దీన్ని ఒక్కసారి కూడా చూడరు, ఎందుకంటే ఇది చార్జీల్లో కనపడదు.

పైగా ఆ లోపలి కోత మీద మీ దేశంలో క్రెడిట్ మామూలుగా రాదు. అది ఫండ్ కట్టింది, మీరు కట్టింది కాదు. మీ పేరు మీదే కోసిన ట్యాక్స్‌కి అయితే, అంటే అమెరికా ఈటీఎఫ్ మీరే నేరుగా కొని, బ్రోకర్ దగ్గర మీరు అమెరికా మనిషి కాదని చెప్పే W-8BEN ఫారం నింపి, డివిడెండ్ మీద మీ పేరుతో కోత పడితే, చాలా దేశాలు ఆ మేరకి మీ ట్యాక్స్‌లో తగ్గించుకోనిస్తాయి, కాగితాలు పెడితే. అందుకని నేరుగా అమెరికా ఈటీఎఫ్ మేలు కదా అనిపిస్తుంది. అక్కడ ఇంకో గొయ్యి ఉంది, అమెరికా వారసత్వ పన్ను. అక్కడి పౌరుడూ కాని, అక్కడ స్థిరపడనూ లేని మనిషి చనిపోతే, అతని పేరు మీదున్న అమెరికా ఆస్తుల్లో 60,000 డాలర్లు దాటిన దాని మీద ఈ పన్ను పడుతుంది, రేటు 40% దాకా వెళ్తుంది. అమెరికాలో రిజిస్టర్ అయిన ఈటీఎఫ్ ఈ లెక్కలోకి వస్తుంది, లోపల ఏ దేశం షేర్లున్నా సరే. ఐర్లండ్ ఫండ్ రాదు, లోపల మొత్తం అమెరికా షేర్లే ఉన్నా సరే. కొన్ని దేశాలకి దీని మీద కూడా ఒప్పందం ఉంది, మీ దేశానికి ఉందో లేదో చూసుకోండి. 18 ఏళ్ళలో 60,000 దాటడం పెద్ద విషయం కాదు, దాటాక మార్చాలంటే అమ్మి లాభం మీద ట్యాక్స్ కట్టాలి, కాబట్టి మొదటి రోజే సరైన చోట పెట్టండి. అమెరికా పౌరులు, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్ళు మాత్రం దీనికి పూర్తిగా ఉల్టా, వాళ్ళు అమెరికా బయటి ఫండ్ కొంటే పీఎఫ్ఐసీ అనే రూల్ కింద చాలా భారీగా పన్ను పడుతుంది, ప్రతి ఏడాదీ Form 8621 నింపాల్సి రావచ్చు. వాళ్ళకి ఇక్కడ చెప్పిన ఐర్లండ్ సలహా పనికిరాదు.

మూడో చోటు, మీ దేశం. ఇక్కడే కరెన్సీ, ట్యాక్స్ రెండూ కలుస్తాయి, దీన్ని అంకెలతో చూపిస్తా. రేటు 50 ఉన్నప్పుడు మీ కరెన్సీలో 5,00,000 పెట్టి 10,000 డాలర్ల ఫండ్ కొన్నారు. కొన్నేళ్ళకి ఫండ్ 9,500 డాలర్లకి పడింది, రేటు మాత్రం 60 అయింది. అమ్మితే 5,70,000 వస్తాయి. డాలర్లలో నష్టం, కానీ మీ ట్యాక్స్ రిటర్న్‌లో 70,000 లాభం, ఎందుకంటే చాలా దేశాల్లో కొన్న రోజు రేటుతో కొన్న ధర, అమ్మిన రోజు రేటుతో అమ్మిన ధర లెక్కకడతారు. ట్యాక్స్ 15% అయితే 10,500 కట్టాలి. ఈ మధ్యలో మీ దేశంలో ధరలు కూడా ఇరవై శాతం పెరిగి ఉంటే అసలు కొనుగోలు శక్తిలో మీరు నష్టపోయారు, అయినా ట్యాక్స్ కట్టారు. ఇది తిరగబడొచ్చు కూడా, ఫండ్ 12,000 డాలర్లకి పెరిగి రేటు 40కి పడితే 4,80,000, డాలర్లలో 20% లాభం, మీ లెక్కలో 20,000 నష్టం, దాన్ని వేరే లాభాలతో సర్దుకోవచ్చేమో మీ రూల్స్‌ని బట్టి. అందుకే కొన్న ప్రతిసారీ ఆ రోజు రేటు, దాని ఆధారం దాచుకోండి. పదేళ్ళ తర్వాత, నెలనెలా కొన్న నూట ఇరవై కొనుగోళ్ళకి రేట్లు వెతకడం నరకం, ఫైలింగ్ టైమ్‌లో నా దగ్గరకొచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే.

మీ దేశం రూల్స్‌లో ముఖ్యంగా చూడాల్సింది, విదేశీ ఫండ్ లాభాన్ని సొంత దేశం ఈక్విటీ లాభంలాగే చూస్తారా లేక మామూలు ఆదాయంలా చూస్తారా అని. బ్రిటన్‌లో "రిపోర్టింగ్ ఫండ్" అనే హోదా లేని విదేశీ ఫండ్ అమ్మితే లాభం మొత్తం ఆదాయపు రేటులో పడుతుంది, హోదా ఉంటే క్యాపిటల్ గెయిన్స్ రేటు. జర్మనీలో డివిడెండ్ పంచని ఫండ్‌కి కూడా, దాని విలువ పెరిగిన ఏడాదుల్లో, కొంత ఆదాయం వచ్చినట్టే ఊహించి పన్ను వేయొచ్చు. మీ దగ్గర కూడా ఇలాంటిదేదో ఉండొచ్చు, దానివల్ల అదే ఇండెక్స్‌ని పట్టుకునే రెండు ఫండ్స్‌లో ఒకటి పూర్తిగా పనికిరాకుండా పోవచ్చు. విదేశీ ఆస్తులు రిటర్న్‌లో చూపించాల్సిన దేశమైతే, పన్ను సున్నా వచ్చినా చూపించాలి, చూపించకపోతే జరిమానా వేరే. ఆ తలనొప్పి వద్దనుకుంటే మీ దేశంలోనే రిజిస్టర్ అయ్యి బయట పెట్టుబడి పెట్టే ఫండ్ తీసుకోండి, చార్జీలు కొంచెం ఎక్కువ, కొన్నిసార్లు రెండు పొరల చార్జీలు, కానీ పేపర్ వర్క్ లేదు. చిన్న మొత్తానికి అదే నయం.

లోపల కోత ఎంతుందో బయట్నుంచి కనిపెట్టొచ్చు. ఫ్యాక్ట్‌షీట్‌లో ఇండెక్స్ పేరు పక్కన Net Total Return అని ఉందా Gross అని ఉందా చూడండి. నెట్ ఇండెక్స్ లెక్కకట్టేటప్పుడు ఒప్పందం లేని విదేశీయుడికి పడే పూర్తి కోత, అమెరికాకైతే 30%, తీసేసి లెక్కకడతారు. అందుకే 15% కట్టే ఐర్లండ్ ఫండ్ ఎస్ అండ్ పీ నెట్ ఇండెక్స్‌ని ఏటా కొద్దిగా దాటుతుంది, అది మేనేజర్ తెలివి కాదు, ట్యాక్స్ తేడా. మీరు చూస్తున్న ఇండెక్స్ ఫండ్ నెట్ ఇండెక్స్ కంటే దాని చార్జీలకి మించి వెనకబడుతుంటే ఎక్కడో లీక్ ఉంది, వేరేది చూడండి.

ఎంత పెట్టాలంటే, 5% పెట్టేట్టయితే అసలు వద్దు. అది 40% పెరిగినా మీ మొత్తానికి 2% కలుస్తుంది, దానికోసం ఇంత రికార్డు మోయడం దండగ. ఈక్విటీలో 20 నుంచి 30% నాకు సబబుగా అనిపిస్తుంది, మీ దేశం మార్కెట్ చిన్నదైతే, నాలుగైదు కంపెనీలే గానీ ఒకటే రంగం గానీ ఇండెక్స్‌ని నడిపిస్తుంటే ఇంకా ఎక్కువ. ఒకేసారి వద్దు, ఏడాది రెండేళ్ళలో నెలనెలా వెళ్ళండి, రేటు ఏ ఒక్క రోజు మీద ఆధారపడకుండా. ఆ తర్వాత శాతాలు తప్పితే ఎక్కువున్నదాన్ని అమ్మకండి, అమ్మితే పైన చెప్పిన లాభం, కరెన్సీ లాభం రెండింటి మీదా ట్యాక్స్ పడుతుంది. కొత్తగా పెట్టే డబ్బు తక్కువున్న వైపు మళ్ళించండి. రిటైర్మెంట్‌కి నాలుగైదేళ్ళుండగా మాత్రం కొంచెం కొంచెంగా సొంత కరెన్సీలోకి తెచ్చుకోండి, ఏటా ట్యాక్స్ మినహాయింపు పరిమితి ఏదైనా ఉంటే దాంట్లోపల సరిపోయేంతే అమ్ముతూ.

మీరు ఏ దేశంలో ట్యాక్స్ కడుతున్నారో, మీకు చెప్పిన ఫండ్ ఎక్కడ రిజిస్టర్ అయిందో రాయండి, ఫ్యాక్ట్‌షీట్ చూసి చెప్తాను.